మా ఊరు, మన ఊరు – ఒక పొట్టి సినిమా స్క్రిప్టు గురించి

ఏళ్ల తరబడి చూసుకోని అక్కాతమ్ముళ్లు ఒక సాయంత్రం నిర్మానుష్యంగా ఉన్న బస్టాపులో ఎదురుపడతారు. ఈ సంకలనం పని జరుగుతుండగా మా చేతికొచ్చిన తొమ్మిది పేజీల స్క్రిప్టులో కథ ఇంతే. రాసింది ఒక కోయ యువకుడు. సినిమా ఇంకా తీయలేదు, స్క్రిప్టుకు పేరు కూడా పెట్టలేదు. సాధారణంగా స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అంటారు కాబట్టి ఇది తొమ్మిది నిమిషాల సినిమా అవుతుంది. తీయకముందే దీని గురించి రాయడానికి కారణం ఉంది. తీసిన తర్వాత చెప్పే తప్పు దిద్దుకోవడానికి పనికిరాదు. పైగా ఈ స్క్రిప్టులోని బలమూ బలహీనతా మన పిల్లలు రాస్తున్న చాలా స్క్రిప్టుల్లో కనిపిస్తున్నాయి.

ముందు కథ చెబుతాం. అక్క పేరు జోగమ్మ, తమ్ముడి పేరు రాంబాబు. శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర పల్లె వాళ్లది. తండ్రి చనిపోయాక, 2014లో, పెద్దనాన్న రాంబాబును దుమ్ముగూడెం వైపు తన ఊరికి తీసుకుపోయాడు. పిల్లవాడు అక్కడి ఆశ్రమ పాఠశాలలో చదివి, తర్వాత హైదరాబాదులో పనికి కుదిరాడు. అదే ఏడాది కూనవరం మండలం పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రలో కలిసింది. తల్లీ కూతుళ్లు ఆంధ్రలో, కొడుకు తెలంగాణలో మిగిలారు. 2022 వరదలో తల్లి చనిపోయింది. ఆ తర్వాత ఊరు ఖాళీ చేయించి జోగమ్మ వాళ్లను కాలనీకి పంపారు. ఇప్పుడు ఆమె చుట్టాల ఇంట్లో చావు దినాలకని చర్ల వైపు వచ్చి తిరిగి వెళుతోంది. రాంబాబు పెద్దనాన్నను చూసి హైదరాబాదు బయలుదేరాడు. చర్ల నుంచి భద్రాచలం వెళ్లే ఆఖరి బస్సు కోసం ఇద్దరూ ఒకే స్టేజీలో కూర్చుంటారు.

మొదటి రెండు పేజీలు బాగున్నాయి, వాటిని ముట్టుకోవద్దు. సిమెంటు అరుగుకు ఆ చివర ఆమె, ఈ చివర అతను. ఒకరినొకరు గుర్తుపట్టరు. దాహమేసి రాంబాబు లేచి పక్కనున్న బోరింగు దగ్గరికి పోతాడు. ఒక మోదుగాకు తెంపి, ఎడమ చేత్తో డొప్ప మడుస్తాడు. పుల్ల గుచ్చడు, ఆకు తొడిమనే మడతలోకి దోపుతాడు. జోగమ్మ ఆ తొడిమను చూస్తుంది. తర్వాత అతని మొహం చూస్తుంది. డొప్ప మడవడం మన ఊళ్లలో అందరికీ తెలుసు, పుల్ల లేకుండా తొడిమ దోపడం మాత్రం ఆ ఇంటి అలవాటు. తల్లి చేతి నుంచి ఇద్దరికీ వచ్చింది. పుట్టుమచ్చలు, సగం చింపిన ఫోటోలు, చిన్నప్పటి పాటలు తెచ్చి తోబుట్టువులను కలిపే సినిమాలు చూసి చూసి ఉన్నాం. ఇక్కడ గుర్తుపట్టడం ఒక పని ద్వారా జరిగింది. కెమెరా చూపగలిగిన పని అది. ఒక్క మాట అవసరం లేకపోయింది.

మాటలు మొదలయ్యే మూడో పేజీ నుంచి స్క్రిప్టు జారుతుంది. ఆ పేజీలోని సంభాషణ ఇలా ఉంది:

రాంబాబు: మన ఊరు ఎలా ఉందక్కా?
జోగమ్మ: మన ఊరు ఖాళీ చేయించారు కదా తమ్ముడూ. మనల్ని కాలనీకి పంపించారు. నువ్వు పదకొండేళ్ల కిందట పెద్దనాన్నతో వెళ్లిపోయావు. అప్పటి నుంచి అమ్మ నీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి, వరద వచ్చిన ఏడు చనిపోయింది.

ఇందులో ఒక లోపం అందరికీ కనబడుతుంది. తాను ఎన్నేళ్ల కిందట, ఎవరితో వెళ్లాడో రాంబాబుకు తెలుసు. అమ్మ చనిపోయిన సంగతీ తెలుసు, ఎందుకంటే ఆరో పేజీలో అతనే ఆ సంగతి మాట్లాడతాడు. జోగమ్మ చెబుతున్నది తమ్ముడికి కాదు, ప్రేక్షకుడికి. పాత్ర ప్రేక్షకుడి వైపు తిరిగిన క్షణంలో పక్కన కూర్చున్న మనిషి మాయమవుతాడు. దీన్ని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. సంభాషణలో ప్రతి వాక్యం ముందు ‘నీకు తెలుసుగా’ అని పెట్టి చదవాలి. అతికితే, ఆ వాక్యం ఎదుటివాడి కోసం రాసింది కాదు.

రెండో లోపం అంత త్వరగా కనబడదు. మాకు అదే ముఖ్యంగా తోచింది. ‘మనల్ని కాలనీకి పంపించారు’ అంటుంది జోగమ్మ. కానీ రాంబాబు కాలనీకి పోలేదు. ట్రాక్టరులో సామాను వేసుకుని ఊరు వదిలినప్పుడు అతను లేడు. జరిగింది ‘మనకు’ కాదు, ‘మాకు’. నోరు తెరిచిన మొదటి నిమిషంలోనే అక్క ‘మన’ అనేస్తే, పదకొండేళ్ల దూరం ఒక్క అక్షరంతో చెరిగిపోయినట్టే. ఇక మిగిలిన ఏడు పేజీలు దేనికి?

తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. ద్రావిడ భాషల్లో చాలావాటికి ఈ తేడా ఉంది. హిందీకి, ఇంగ్లీషుకు లేదు. మనం పుట్టినప్పటి నుంచి వాడుతున్నాం కాబట్టి దీని పదును గమనించం. ఒకే తల్లి పిల్లలు ఎదురెదురుగా కూర్చుని ‘మా ఊరు’ అనుకుంటే అంతకంటే పెద్ద గొడవ అక్కర్లేదు. ఏళ్ల తర్వాత పుట్టింటికొచ్చిన ఆడబిడ్డతో వదిన ‘మా ఇంట్లో’ అన్నప్పుడు ఆమె మొహం ఎలా మారుతుందో చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ఈ స్క్రిప్టుకు కావలసిన ఉలి రచయిత చేతిలోనే ఉంది. అసలు కథ అక్కాతమ్ముళ్లు కలవడం కాదు. కలవడం రెండో పేజీలోనే అయిపోయింది. వాళ్లు మళ్లీ ‘మనం’ అవుతారా లేదా అన్నదే కథ.

అలా చూసి అదే పేజీని మార్చితే ఇలా ఉండొచ్చు:

రాంబాబు: మన ఊరికి బస్సు పోతుందా అక్కా ఇప్పుడు?
జోగమ్మ: మా ఊరికా? కాలనీకి ఆటో ఉంది.

రెండే వాక్యాలు. అతను ‘మన’ అని చేయి చాచాడు, ఆమె ‘మా’ అని వెనక్కి జరిగింది. అతను అడిగింది పాత ఊరి గురించి, ఆమె చెప్పింది కాలనీ గురించి. ఊరు ఇక లేదన్న సంగతి ఆ సందులోంచి ప్రేక్షకుడికి అందుతుంది, ఎవరూ ఎవరికీ పాఠం చెప్పకుండా. సబ్‌టైటిల్స్ వేసేటప్పుడు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట వేస్తే దెబ్బ తగలకుండా పోతుంది. ‘మా ఊరు’ అన్నచోట ‘నా ఊరు’ అనే అర్థం వచ్చేలా వేస్తే కొంతవరకు నిలుస్తుంది.

ఇప్పుడు ఆరో పేజీకి వద్దాం. అమ్మ చావుకు ఎందుకు రాలేదని అక్క నిలదీస్తుంది. తమ్ముడు పన్నెండు వరుసల్లో జవాబు చెబుతాడు. వార్త తెలిసి హైదరాబాదు నుంచి బయలుదేరానని, గోదావరి పొంగిందని, వంతెన మూసేశారని, పోలీసులు ఆపారని, రాత్రంతా వానలో నిలబడి తిరిగి వెళ్లిపోయానని, ఆ తర్వాత మొహం చూపించలేకపోయానని చెబుతాడు. రాసింది అబద్ధం కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కూనవరం, వి.ఆర్.పురం వైపు జనం పిల్లలనూ మేకలనూ తీసుకుని గుట్టలెక్కారు. నిజమంతా ఉన్నా ఆ పన్నెండు వరుసలు చప్పగా ఎందుకున్నాయి? అక్క ముందు తమ్ముడు సాక్షిలా వాంగ్మూలం ఇస్తున్నాడు కాబట్టి. సిగ్గుపడే మనిషి అంత వరుసగా మాట్లాడడు.

ఆ పన్నెండింటికీ బదులు ఒక్క వాక్యం చాలు:

రాంబాబు: సారపాక దాకా వచ్చా.

భద్రాచలం వంతెనకు ఇవతలి ఒడ్డు సారపాక. ఆ మాట వినగానే మన ప్రాంతంలో వంతెన, పోలీసులు, వాన అన్నీ కళ్ల ముందు నిలుస్తాయి. ‘దాకా’ అన్నచోటే అతని నేరమూ ఉంది, అతని సమర్థనా ఉంది. అంత దూరం వచ్చాడు, అంతకు మించి రాలేదు. దీనికి అక్క ఏమనాలి? స్క్రిప్టులో ఆమె ‘నీ తప్పేం లేదు తమ్ముడూ’ అని ఏడుస్తుంది. అంత సులభంగా క్షమించే మనిషి మూడో పేజీలో ‘మా ఊరు’ అనదు. మేమైతే ఇలా రాస్తాం:

జోగమ్మ: గుట్ట మీద రెండు రోజులు ఉంచాం.

శవాన్ని అని చెప్పనక్కర్లేదు. ఎవరి కోసం ఉంచారో కూడా చెప్పనక్కర్లేదు. నింద, ఎదురుచూపు, ప్రేమ మూడూ ఆ రెండు రోజుల్లో ఉన్నాయి. ‘ఉంచాం’ అన్నదాంట్లో తమ్ముడు ఇంకా బయటే ఉన్నాడు. హైదరాబాదులో చూసేవాళ్లకు సారపాక ఎక్కడో తెలియదు కదా అని రచయితకు సందేహం రావచ్చు. తెలియకపోయినా నష్టం లేదు. ఒక మనిషి ఎక్కడి దాకానో వచ్చి ఆగిపోయాడని, ఇంకొకరు రెండు రోజులు చూశారని ఎవరికైనా అర్థమవుతుంది. పేరు తెలిసినవాళ్లకు మాత్రం గుండె ఇంకాస్త బరువెక్కుతుంది.

ఈ సంభాషణ ఏ భాషలో జరుగుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. స్క్రిప్టు మొత్తం తెలుగులో ఉంది. రాంబాబుది పత్రికల తెలుగు, జోగమ్మది సినిమాల్లో అడవి మనుషులకు పెట్టే వంకర తెలుగు. ఆ యాస ఏ గూడెంలోనూ లేదు. రాసింది కోయ బిడ్డ, రాసిన పాత్రలు కోయవాళ్లు, వాళ్ల మధ్య కోయ మాట ఒక్కటీ లేదు. ఇంట్లో కోయ మాట్లాడి పెరిగిన జోగమ్మ, తమ్ముణ్ని గుర్తుపట్టిన క్షణంలో ఏ భాషలో పిలుస్తుంది? సందేహం లేదు, కోయలోనే పిలుస్తుంది. చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు పోయి, తెలుగులో చదివి, హైదరాబాదులో బతుకుతున్న రాంబాబు ఏ భాషలో పలుకుతాడు? అర్థమవుతుంది గాని నోరు తిరగదు. తెలుగులో పలుకుతాడు. అప్పుడు జోగమ్మ ఒక క్షణం ఆగి తానూ తెలుగులోకి మారుతుంది.

ఆ మారడమే ఈ సినిమాలో అతి పెద్ద దెబ్బ అవుతుంది. పరాయివాళ్లతో, ఆఫీసు మెట్ల మీద, సంతలో షావుకారుతో మాట్లాడే భాషలో తమ్ముడితో మాట్లాడాల్సి వచ్చింది. ‘నువ్వు మారిపోయావు తమ్ముడూ’ అని నాలుగో పేజీలో ఆమె చేత అనిపించిన మాట అప్పుడు కొట్టేయవచ్చు. స్క్రిప్టులో ఇది రాయడానికి చిక్కేమీ లేదు. కోయ మాటను తెలుగు లిపిలో రాసి, కింద అర్థం రాస్తే నటులకూ కెమెరా పట్టుకునేవాళ్లకూ తెలుస్తుంది. ఏ మాట రాయాలో మేము చెప్పం. మండలం దాటితే పలుకు మారుతుంది కాబట్టి కూనవరం వైపు పెద్దవాళ్ల చేత పలికించి రాసుకోవాలి. నటి కూడా ఆ పలుకు తెలిసిన మనిషే కావాలి.

‘నిశ్శబ్దం’ అనే మాట ఈ స్క్రిప్టులో పద్నాలుగు చోట్ల ఉంది. ఒక్కోటి పది సెకన్లనుకున్నా రెండు నిమిషాలు దాటుతుంది, అంటే సినిమాలో నాలుగో వంతు. కాగితం మీద నిశ్శబ్దం అని రాస్తే తెర మీద అది తయారు కాదు. శబ్దం వచ్చి, పోయినప్పుడే నిశ్శబ్దం వినిపిస్తుంది. చర్ల దారిలో ఆ శబ్దానికి కొరత లేదు, ఇసుక లారీలున్నాయి. ‘గుట్ట మీద రెండు రోజులు ఉంచాం’ అన్న వెంటనే ఒక లారీ దూసుకుపోయిందనుకోండి. ఇద్దరూ కళ్లు మూసుకుంటారు. దుమ్ము మెల్లగా దిగుతుంది. దుమ్ము దిగేదాకా ఎవరూ మాట్లాడరు, మాట్లాడకపోవడానికి ఒక కారణం దొరికింది. ఆ ఒక్కటి పద్నాలుగు నిశ్శబ్దాల పని చేస్తుంది. నది ఒడ్డున వాళ్ల ఊరు పోయింది, నదిలోని ఇసుక వాళ్ల మొహాల మీదుగా పోతోంది. ఎవరూ ఈ మాట అనకూడదు, లారీ పోతే చాలు.

ఇక ముగింపు. బస్సు వస్తుంది. జోగమ్మ ఎక్కుతుంది. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొడతాడు. రాంబాబు స్టేజీలోనే నిలబడి కన్నీళ్లతో చేయి ఊపుతాడు. డ్రోన్ కెమెరా పైకి లేస్తుంది, అడవి మధ్య చిన్న బస్సు. చూడ్డానికి బాగుంటుంది. కానీ రాంబాబు ఎందుకు ఎక్కలేదు? మొదటి పేజీలో అతనూ భద్రాచలం బస్సు కోసమే సంచితో కూర్చున్నాడు. అదే ఆఖరి బస్సని కూడా రచయితే రాశాడు. ఏడుపు కోసం అతన్ని రాత్రంతా అడవి దారిలో వదిలేశారు. చుట్టూ ఇంకేమీ లేని స్టేజీలో బస్సే గడియారం. అది రావడానికి ఎంతసేపుందో, వస్తే ఎవరు ఎక్కాలో ముందే ఖాయమై ఉండాలి. బిగువు అక్కడి నుంచే వస్తుంది.

టికెట్టు సంగతి కూడా సరిగా లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ చిరునామా చూపించాలి. జోగమ్మది ఆంధ్రా ఆధార్, ఆమెకు జీరో టికెట్ రాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఉచితం వచ్చింది కాబట్టి తన వైపు బస్సులో ఆమెకూ డబ్బులక్కర్లేదు. ఇక్కడ మాత్రం కావాలి. చర్ల నుంచి భద్రాచలం పోయే దారే మధ్యలో ఎటపాక లాంటి ఆంధ్రా పంచాయతీలను దాటి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. ఆ దారిలో తిరిగేవాళ్లు ఈ పొరపాటును వెంటనే పట్టేస్తారు. పట్టుకున్నాక మిగతా కథను కూడా నమ్మరు.

మేము మాత్రం ఈ పొరపాటును రచయితకు దొరికిన వరంగా చూస్తున్నాం. అక్కాతమ్ముళ్ల మధ్య గీత గీసింది అలక కాదు, డబ్బు తగాదా కాదు. ఒక కాగితం మీద రాష్ట్రం మారింది, ఒక నది పొంగింది, ఒక బడి భాష మార్చింది. ఈ మూడింటిలో మొదటిదాన్ని చూపడానికి కండక్టరు కంటే మంచి పాత్ర దొరకదు. ఇద్దరూ బస్సు ఎక్కుతారు. జోగమ్మ కొంగు ముడిలోంచి కార్డు తీసి ఇస్తుంది. కండక్టరు తిప్పి చూసి, ‘ఇది ఆంధ్రాదమ్మా, టికెట్ తీసుకోవాలె’ అంటాడు. విసుగేమీ లేదు, రోజూ చెప్పే మాటే. ఒక కార్డుతో పదకొండేళ్ల కథ తెర మీదికొచ్చింది. జోగమ్మ మళ్లీ కొంగు ముడి విప్పబోతుంది. వెనక నిలబడ్డ రాంబాబు నోటు చాచి, కండక్టరుతో అంటాడు:

రాంబాబు: రెండు. భద్రాచలం.

ఆమె కాదనదు. కొంగు ముడి మళ్లీ బిగిస్తుంది. మిషన్లోంచి కాగితం బయటికొచ్చే చప్పుడు. తర్వాత ఆమె కిటికీ వైపు జరిగి, పక్కన చోటిచ్చి, బయటికి చూస్తూ కోయలో ఒక వాక్యం అనాలి. అందులో మొదటిసారి ‘మన’ రావాలి. మన అమ్మ అనొచ్చు, మన గుట్ట అనొచ్చు. అతను కోయలో ఒక్క మాటతో పలకాలి, అది తప్పుగా పలికినా సరే. తప్పుగా పలికితేనే ఇంకా బాగుంటుంది. ఆమె దిద్దదు. డ్రోన్ అద్దె డబ్బులు మిగులుతాయి.

ఇలా ముగిస్తే వాళ్లు కలిసిపోయినట్టేనా? కాదు. భద్రాచలంలో దిగాక అతను వంతెన దాటి హైదరాబాదు పోతాడు, ఆమె ఇంకో రాష్ట్రం బస్సెక్కి కాలనీకి పోతుంది. ఆ ‘మన’ బస్సు భద్రాచలం చేరేదాకే. ఒక పొట్టి సినిమా నిజాయితీగా ఇవ్వగలిగింది అంతే. అంతకు మించి ఇస్తామంటే అబద్ధమవుతుంది. రచయిత మొదటి రెండు పేజీలు రాసిన చేత్తోనే మిగతా ఏడూ తిరగరాయాలి. రాసేటప్పుడు ప్రతి ‘మన’ దగ్గరా, ప్రతి ‘మా’ దగ్గరా ఆగి, ఈ మనిషి ఈ క్షణంలో ఎదుటివాణ్ని లోపలికి రానిస్తోందా, బయట ఉంచుతోందా అని చూసుకుంటే చాలు, స్క్రిప్టు తన దారి తాను పట్టుకుంటుంది.